సర్వే నంబరు మీద క్లిక్ చేస్తే కింది వరుస గడి వెలుగుతోంది: విలువకూ స్కాన్‌కూ మధ్య లింకు ఎక్కడ తెగింది?

శ్రీను_హనుమకొండ

అందరికీ నమస్కారం. ఒక న్యాయవాదుల ఆఫీసు కోసం పాత పహాణీ నకళ్లను డేటాగా మార్చే పని చేస్తున్నాం. సుమారు 4000 పేజీలు. అన్నీ చేతిరాత కాబట్టి ఓసీఆర్ మీద ఆధారపడలేదు. పేజీని స్కాన్ చేస్తాం, వంకర సరిచేస్తాం, గీతలను బట్టి గడులు విడగొడతాం. ఒక్కో గడి బొమ్మ ఆపరేటర్‌కు తెర మీద కనిపిస్తుంది, చూసి టైపు చేస్తారు. ఆ గడి ఎక్కడుందో ఎడమ, పై, వెడల్పు, ఎత్తు అని నాలుగు అంకెలు విలువతో పాటే దాచుకుంటున్నాం. తర్వాత ఎవరైనా విలువ మీద క్లిక్ చేస్తే ఒరిజినల్ స్కాన్ తెరుచుకుని ఆ గడి చుట్టూ పసుపు డబ్బా పడాలి.

మొన్న ఆఫీసులో చూపించాం. వాళ్ల జూనియర్ ఒక సర్వే నంబరు మీద క్లిక్ చేశాడు. డబ్బా కింది వరుసలో ఉన్న ఇంకో సర్వే నంబరు మీద పడింది. టైపు చేసిన విలువ కరెక్టే, నేను కాగితంతో సరిచూశాను. కానీ వాళ్లకు కనిపించింది ఏంటంటే, మేము ఒకరి నంబరు చూపించి ఇంకొకరి నంబరు రాశామని. విస్తీర్ణం మీద క్లిక్ చేస్తే మాత్రం సరైన వరుసే వస్తోంది. అన్ని పేజీల్లోనూ ఇలా లేదు, కొన్నింట్లోనే. మూడు రోజులుగా నిద్ర లేదు. దీని మూలం ఎక్కడుందో ఎవరైనా చెప్పగలరా?

రమాదేవి_అకౌంట్స్

శ్రీను గారూ, మీరు ఆడిట్ ట్రయల్ ఆన్ చేశారా? మా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ వోచరు మార్చారు అనేది మొత్తం వస్తుంది. కంపెనీలకు 2023 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి కూడా. ఆపరేటర్ ఎవరో ఆ లాగ్‌లో చూస్తే తప్పు ఎవరిదో తెలిసిపోతుంది కదా.

శ్రీను_హనుమకొండ

మేడమ్, ఆ లాగ్ ఉంది. ఎవరు, ఏ టైముకు, ఏం కొట్టారు అన్నీ ఉన్నాయి. నా ప్రశ్న అది కాదు. "2-20" అని ఒక ఆపరేటర్ మార్చి 3న కొట్టిందని లాగ్ చెబుతుంది, కాగితం మీద ఏ చోటు చూసి కొట్టిందో చెప్పదు. కోర్టులో అడిగేది ఆ చోటునే.

కిరణ్_గుంటూరు

బ్రో, పిక్సెల్స్‌లో దాచడమే తప్పు. స్కాన్ సైజు మారితే అన్నీ జరిగిపోతాయి. వెడల్పులో ఎంత శాతం, ఎత్తులో ఎంత శాతం అని దాచు. మేము రసీదుల ప్రాజెక్టులో అలాగే చేశాం, ఒక్క కంప్లయింట్ రాలేదు.

భాస్కర్_ఇమేజింగ్

శ్రీను, ఊహించడం మానేసి కొలుద్దాం. తప్పు చూపిస్తున్న ఒక పేజీ తీసుకో. ఒకే వరుసలో ఎడమ అంచుకు దగ్గరగా ఉన్న ఒక గడి, కుడి అంచుకు దగ్గరగా ఉన్న ఒక గడి ఎంచుకో. రెండింటికీ డేటాబేస్‌లో ఉన్న మధ్య బిందువు ఎంత, ఒరిజినల్ స్కాన్‌లో కర్సర్ పెట్టి చూస్తే నిజంగా ఎంత, ఈ నాలుగు జతలు ఇక్కడ పెట్టు. స్కాన్ సైజు, ఆ పేజీకి సరిచేసిన వంకర కూడా కావాలి.

శ్రీను_హనుమకొండ

సార్, ఇవిగో. స్కాన్ ఏ4, 300 డీపీఐ, 2480×3508. వంకర ఎంతో దాచలేదు, కానీ ఈ పేజీకి చేత్తో కొలిస్తే 1.8 డిగ్రీలు వచ్చింది. కుడివైపు కిందికి వాలి ఉంది.

సర్వే నంబరు గడి: డేటాబేస్‌లో (363, 2067). ఒరిజినల్‌లో నిజంగా ఉన్న చోటు (300, 2000).
విస్తీర్ణం గడి: డేటాబేస్‌లో (2262, 2008). ఒరిజినల్‌లో సుమారు (2200, 2000).

వంకర వల్ల ఒకే వరుస కుడివైపు ఇంకా కిందికి పోతుంది కాబట్టి, రెండో గడిని అదే వరుసలోంచి కాకుండా అదే ఎత్తులో ఉన్న వరుసలోంచి తీసుకున్నాను. పోల్చడానికి తేలికని.

భాస్కర్_ఇమేజింగ్

ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. నీ నాలుగు అంకెలు ఒరిజినల్ స్కాన్‌వి కావు. వంకర సరిచేసిన బొమ్మవి. వాటిని తీసుకెళ్లి ఒరిజినల్ మీద గీస్తున్నావు.

వంకర తీసేటప్పుడు మూలలు తెగకుండా కాన్వాస్ పెంచి ఉంటావు. పిల్లోలో `expand=True`, అవునా? 1.8 డిగ్రీలు తిప్పితే 2480×3508 బొమ్మ దాదాపు 2590×3585 అవుతుంది. బొమ్మ పెరిగిందంటే మధ్య బిందువు జరిగింది. దాని మీద తిప్పుడు వల్ల వచ్చే జరుగుడు వేరు. ఎడమవైపు ఈ రెండూ కలిసి కిందికి తోస్తాయి, కుడివైపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే ఎడమ గడి 67 పిక్సెళ్లు కిందికి పోయింది, కుడి గడి 8 పిక్సెళ్లే పోయింది.

మీ రిజిస్టరులో వరుస ఎత్తు ఎంత? 7 మిల్లీమీటర్లు అనుకుంటే 300 డీపీఐలో 83 పిక్సెళ్లు. 67 పిక్సెళ్లు జరిగితే డబ్బాలో ఐదింట నాలుగు వంతులు కింది వరుసలో ఉంటుంది. చూసేవాడికి అది కింది గడి డబ్బా లాగే కనబడుతుంది. నువ్వు డెమోకు ముందు టెస్ట్ చేసింది విస్తీర్ణం కాలమే అయ్యుండాలి, అందుకే దొరకలేదు. వంకర తక్కువున్న పేజీల్లో జరుగుడు కొద్ది పిక్సెళ్లే కాబట్టి డబ్బా సరైన గడిలోనే కూర్చుంటుంది. "కొన్ని పేజీల్లోనే" అన్నావు కదా, ఆ కొన్ని పేజీలు వంకర ఎక్కువ ఉన్నవే.

శ్రీను_హనుమకొండ

అవును సార్, `expand=True`. టెస్ట్ చేసింది కూడా విస్తీర్ణం కాలమే. డబ్బా కాస్త కుడికి జరిగినట్టు అప్పుడే కనిపించింది, అంచు ఎక్కువ పెట్టామేమో అనుకుని వదిలేశాను.

కిరణ్_గుంటూరు

నేను చెప్పింది అదేగా! కాన్వాస్ సైజు మారింది. శాతాల్లో దాచి ఉంటే ఈ సమస్యే ఉండేది కాదు.

భాస్కర్_ఇమేజింగ్

కిరణ్, లెక్క వేసి చూద్దాం. 2067ను 3585తో భాగిస్తే 57.66 శాతం. ఒరిజినల్ ఎత్తు 3508లో అది 2023 దగ్గర పడుతుంది. నిజమైన చోటు 2000. అంటే తప్పు 67 నుంచి 23కి తగ్గింది, పోలేదు. ఇప్పుడు కుడి గడి చూడు. 2008 శాతంగా మారి మళ్లీ 1965 అవుతుంది, అంటే 35 పిక్సెళ్లు పైకి. ఇంతకుముందు సరిగ్గా ఉన్న గడి కూడా ఇప్పుడు పై వరుసలోకి సగం దూరింది.

బొమ్మను చిన్నదో పెద్దదో చేస్తే శాతాలు కాపాడతాయి. తిప్పినా, అంచులు కత్తిరించినా కాపాడలేవు. మీ రసీదుల్లో వంకర లేదు కాబట్టి మీకు సరిపోయింది, అది తప్పు పద్ధతి కాదు. ఇక్కడ మాత్రం అది తప్పును అన్ని గడులకూ కొంచెం కొంచెం పంచి, దొరక్కుండా చేస్తుంది. నాకు అదే ఎక్కువ భయం.

నాలుగు అంకెలు ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు శ్రీను. ఏ బొమ్మ మీద అంకెలో ఆ బొమ్మ గుర్తింపు వాటి పక్కనే ఉండాలి. ఒరిజినల్ ఫైలుకు SHA-256 హ్యాష్ తీసి ప్రతి విలువ పక్కన పెట్టు. దాని నుంచి పుట్టిన ప్రతి బొమ్మకూ తన హ్యాష్, తన తల్లి బొమ్మ హ్యాష్, తల్లి నుంచి తనకు వచ్చిన 3×3 మాత్రిక దాచు. గడి దొరికిన వెంటనే ఆ మాత్రికను తిరగేసి నాలుగు మూలలనూ ఒరిజినల్‌లోకి తీసుకెళ్లి అవే దాచు.

```python
def to_original(pts, M):
    inv = np.linalg.inv(M)
    p = np.c_[pts, np.ones(len(pts))]
    return (p @ inv.T)[:, :2]
```

నాలుగు మూలలు అని కావాలనే అంటున్నాను. సరిచేసిన బొమ్మలో నిటారుగా ఉన్న గడి ఒరిజినల్‌లో వాలి ఉంటుంది. ఎడమ, పై, వెడల్పు, ఎత్తు అని దాస్తే ఆ వాలు పోతుంది. పొడవాటి గడుల్లో, ముఖ్యంగా రిమార్కుల కాలంలో, డబ్బా పై వరుసనూ కింది వరుసనూ కలిపి పట్టేస్తుంది.

శ్రీను_హనుమకొండ

సార్, ఇప్పుడు నుంచి ఇలాగే చేస్తాను. కానీ అయిపోయిన 4000 పేజీల సంగతి? స్థలం సరిపోక సరిచేసిన బొమ్మలన్నీ తీసేశాం. ఏ పేజీ ఎంత కోణం తిప్పామో ఎక్కడా రాయలేదు. ఒరిజినల్స్ ఉన్నాయి. గడి పట్టికలో ఆ బొమ్మ వెడల్పు, ఎత్తు మాత్రం ఉన్నాయి, తెర మీద చూపించడానికి అప్పట్లో దాచాం.

భాస్కర్_ఇమేజింగ్

ఆ వెడల్పు, ఎత్తు ఉన్నాయంటే కోణం ఉన్నట్టే. కాన్వాస్ పెరిగింది కోణం వల్లే. ఈ సైజు పేజీకి ఒక్క డిగ్రీకి వెడల్పు దాదాపు 61 పిక్సెళ్లు పెరుగుతుంది. అంటే వెడల్పు ఒక పిక్సెల్ తేడాతో తెలిసినా కోణం 0.02 డిగ్రీల లోపు తేలుతుంది. అంత కోణానికి పేజీ ఈ అంచు నుంచి ఆ అంచుకు వచ్చే తేడా ఒకట్రెండు పిక్సెళ్లే. కొత్త వెడల్పు ఇంత అంటే:

```
W' = W·cosθ + H·sinθ
```

తెలియనిది θ ఒక్కటే. చిన్న కోణాల పట్టిక వేసుకుని వెతికినా చాలు. ఎత్తుతో కూడా అదే చేసి రెండూ కలుస్తున్నాయో లేదో చూడు. కలవని పేజీలో మధ్యలో ఇంకేదో జరిగింది, బహుశా అంచులు కత్తిరించి ఉంటారు. దాన్ని పక్కన పెట్టు.

ఒకటే లోపం. ఎటు తిప్పారో సైజు చెప్పదు. కుడికి తిప్పినా ఎడమకి తిప్పినా కాన్వాస్ ఒకేలా పెరుగుతుంది. దానికి నీ పాత కోడునే, అదే వెర్షన్‌తో, ఒరిజినల్స్ మీద మళ్లీ నడిపి గుర్తు మాత్రం తీసుకో. కోణం కూడా అదే వస్తే ఇంకా మంచిది, రెండు సాక్ష్యాలు.

విశ్రాంత_గిర్దావరు

బాబూ శ్రీనూ, నాకు ఈ పిక్సెళ్ల లెక్కలు తెలియవు. రెవెన్యూలో ముప్పై ఏళ్లు పహాణీలు రాసినవాణ్ణి, తనిఖీ చేసినవాణ్ణి. మీ పద్ధతి చదివాక ఒక అనుమానం వచ్చింది. ప్రతి విలువకూ ఒక గడి అంటున్నారు. పహాణీలో అలా ఉండదు నాయనా.

పట్టాదారు పేరు మొదటి వరుసలో ఒక్కసారే రాస్తాం. కింద ఆరేడు సర్వే నంబర్లకు రెండు చుక్కలు పెడతాం, లేదా "సదరు" అని రాస్తాం. మీ పిల్లలు ఆ చుక్కల గడి చూసి పై పేరు కొట్టి ఉంటారు. క్లిక్ చేస్తే రెండు చుక్కలు కనిపిస్తాయి, పేరు కనిపించదు. ఎదుటి వకీలు "ఇక్కడ పేరేది?" అంటే ఏం చెబుతారు? ఇంకో సంగతి, పేజీ మారినప్పుడు కొందరు మళ్లీ పేరు రాసేవారు కాదు, చుక్కలతోనే సాగించేవారు. అప్పుడు పేరు వెనక పేజీలో ఉంటుంది. మధ్యలో ఒక పేజీ నకలు రాకపోయి ఉంటే ఆ చుక్కలు ఎవరివో ఎవరూ చెప్పలేరు. ఊహతో మాత్రం పేరు పెట్టకండి.

ఖాళీ గడిని కూడా వదలకండి. అనుభవదారు గడి ఖాళీగా ఉందంటే దానికీ అర్థం ఉంటుంది. మీరు చూసి ఖాళీ అని తేల్చారా, అసలు చూడనే లేదా అనేది వేరుగా తెలియాలి.

శ్రీను_హనుమకొండ

సార్, మీ పాదాలకు నమస్కారం. డిటో విషయం మేము అసలు ఆలోచించలేదు. ఆపరేటర్లు పై పేరే కొట్టారు, ఆధారంగా చుక్కల గడే పడింది.

భాస్కర్_ఇమేజింగ్

పెద్దాయన చెప్పింది బంగారం. దీనికి పట్టిక మార్చాలి. విలువ పట్టికలో గడి కాలమ్ తీసేసి, ఆధారాలు వేరే పట్టికలో పెట్టు. ఒక విలువకు ఎన్ని ఆధారాలైనా ఉండొచ్చు, ఒక్కోదానికి ఒక పాత్ర ఉంటుంది. సదరు గడికి "గుర్తు" అని, పైనున్న పేరు గడికి "పేరు" అని. వెనక పేజీలో ఉంటే ఆ పేజీ హ్యాష్ వస్తుంది, అంతే. తెర మీద రెండు డబ్బాలూ వెలగాలి. ఖాళీకి కూడా గడి మూలలు ఉంటాయి, చదివింది మాత్రం ఖాళీ అని ఉంటుంది.

కిరణ్_గుంటూరు

ఒక డౌట్. శ్రీను మొదట్లో "2-20" అన్నాడు. అంటే 2.20 ఎకరాలే కదా? అలాగే మార్చి దాచితే చాలు, గీత తీసి చుక్క పెట్టడమే.

విశ్రాంత_గిర్దావరు

మీది గుంటూరు కాబట్టి సెంట్లు అలవాటు బాబూ. మీ అడంగల్‌లో ఎకరానికి 100 సెంట్లు, 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. తెలంగాణ పహాణీలో 2-20 అంటే 2 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు. అంటే రెండున్నర ఎకరాలు. చుక్క పెడితే మీరు 12 గుంటల భూమి మింగేసినట్టే.

కిరణ్_గుంటూరు

అమ్మో. నిజమే సార్, 0.30 ఎకరం అంటే 12 గుంటలు. తెలియక చెప్పాను, క్షమించండి.

భాస్కర్_ఇమేజింగ్

ఇందుకే డబ్బా ఒక్కటే సరిపోదు. డబ్బాలో "2-20" కనిపిస్తుంది, తెర మీద 2.5 కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య జరిగింది కూడా రికార్డులో ఉండాలి. చదివినది చదివినట్టు ఒకచోట, మార్చిన విలువ ఇంకోచోట, ఏ నియమంతో మార్చామో దాని పేరు, వెర్షన్. నియమంలో తప్పు దొరికితే ఆ వెర్షన్‌తో మారినవన్నీ ఒక్క ప్రశ్నతో బయటికొస్తాయి, 4000 పేజీలు మళ్లీ చదవక్కర్లేదు. నేను వాడే ఆకారం ఇలా ఉంటుంది, ఈ గడికి:

```json
{"raw": "2-20", "value": 2.5, "unit": "acre",
 "rule": "acre_gunta_v1", "by": "op07",
 "evidence": [{"role": "cell",
   "image": "sha256:9f3c...", "size": [2480, 3508],
   "poly": [[2101,1956],[2301,1962],[2299,2044],[2099,2038]]}]}
```

రజిత_డీటీపీ

నేను ఇలాంటి ప్రాజెక్టుల్లో టైపింగ్ చేస్తాను, ఆపరేటర్ వైపు నుంచి ఒక మాట. గడి బొమ్మలో అంకె సగం తెగితే మేము "పూర్తి పేజీ చూడు" నొక్కి చూసి కొడతాం. ఒక్కోసారి 3 అనేది 8 లాగ ఉంటే అదే ఖాతా పక్క పేజీలో ఎలా ఉందో చూసి కొడతాం. సిస్టమ్‌లో మాత్రం ఆ తెగిన గడే ఆధారంగా పడుతుంది. మేము నిజంగా చూసిన చోటు ఎక్కడా ఉండదు. తర్వాత సూపర్‌వైజర్ సరిదిద్దినప్పుడు మా విలువ పోయి ఆయన విలువ వస్తుంది, ఆయన దేన్ని చూసి మార్చారో కూడా ఉండదు. మూడు నెలల తర్వాత ఫోన్ చేసి "ఇది ఎలా కొట్టావమ్మా" అంటే ఏం చెప్పాలి? చాలా టెన్షన్ అవుతుంది సార్. తప్పు చేయకపోయినా సమాధానం ఉండదు.

భాస్కర్_ఇమేజింగ్

రజిత గారూ, మీరు చెప్పింది నేను ప్రతి ప్రాజెక్టులోనూ చూశాను. పూర్తి పేజీ తెరిచినప్పుడు మౌస్‌తో డబ్బా గీస్తే తప్ప సేవ్ కాకూడదు. రెండు సెకన్ల పని. పక్క పేజీ చూసి తేల్చుకుంటే అక్కడ కూడా గీయాలి, దాని పాత్ర "పోలిక" అని పడుతుంది.

సరిదిద్దడం గురించి: పాత వరుసను మార్చకూడదు, కొత్త వరుస చేర్చాలి. మీ విలువ, మీ గడి అలాగే ఉంటాయి. సూపర్‌వైజర్ వరుస దాని కింద, తన ఆధారంతో వస్తుంది. డేటాబేస్‌లో ఆ పట్టిక మీద `UPDATE`, `DELETE` అనుమతులు తీసేయండి. మాట మీద వదిలేస్తే ఎవరో ఒకరు ఒకరోజు రాత్రి తొందరలో మార్చేస్తారు.

మాధవి_డాలస్

నేను ఇక్కడ బీమా క్లెయిముల వైపు పనిచేస్తున్నాను. మాకు స్కానర్ల కంటే ఫోన్ ఫోటోలు ఎక్కువ వస్తాయి, అక్కడ ఇంకో గొయ్యి ఉంది. శ్రీనుకు రేపు ఎవరైనా ఫోన్‌లో తీసిన నకళ్లు ఇస్తే అందులో పడతాడు, అందుకే చెబుతున్నాను.

ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా ఫైలులో పిక్సెళ్లు చాలాసార్లు అడ్డంగానే ఉంటాయి. "దీన్ని 90 డిగ్రీలు తిప్పి చూపించు" అని ఎగ్జిఫ్‌లో ఒక గుర్తు ఉంటుంది. బ్రౌజర్ ఆ గుర్తును పాటించి తిప్పి చూపిస్తుంది. ఓపెన్‌సీవీ `imread` మామూలుగా పాటిస్తుంది. పిల్లో `Image.open` పాటించదు, `ImageOps.exif_transpose` మనమే పిలవాలి. ఒక టీమ్ ఓపెన్‌సీవీతో గడి పట్టి, ఇంకో టీమ్ పిల్లోతో కత్తిరిస్తే ఒకే ఫైలు, ఒకే హ్యాష్, అయినా డబ్బా ఎక్కడో పడుతుంది. మాకు సరిగ్గా ఇదే జరిగింది. హ్యాష్ ఉందని ధీమాగా ఉన్నాం. ఆ తర్వాత "ఎగ్జిఫ్ పాటించాక వచ్చిన పిక్సెళ్ల మీద" అని రికార్డులోనే రాయడం మొదలుపెట్టాం.

పీడీఎఫ్ అయితే ఇంకో తిరకాసు. దాని లెక్క పేజీ కింద ఎడమ మూల నుంచి పైకి, అంగుళానికి 72 చొప్పున నడుస్తుంది. బొమ్మ లెక్క పై ఎడమ మూల నుంచి కిందికి. పై భాగంలోని గడికి డబ్బా పేజీ అడుగున పడితే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

భాస్కర్_ఇమేజింగ్

మాధవి గారి ఎగ్జిఫ్ మాట ముఖ్యం. నా రికార్డులో `size` ఉన్నది కొంతవరకు అందుకే. బొమ్మ తెరిచాక వెడల్పు, ఎత్తు తారుమారైతే అక్కడే ఆపేయొచ్చు. అయితే 180 డిగ్రీల తిప్పుడును అది పట్టదు.

మాధవి_డాలస్

ఒక విషయంలో మీతో కలవలేకపోతున్నాను భాస్కర్ గారూ. పేజీ మసకగా ఉందని మళ్లీ స్కాన్ చేస్తారు. కొత్త ఫైలు, కొత్త హ్యాష్. పాత ఆధారాలన్నీ పాత ఫైలునే చూపిస్తాయి. మేము రెండు స్కాన్లలో కలిసే బిందువులు పట్టుకుని పాత డబ్బాలను కొత్త స్కాన్ మీదికి తెస్తాం. చూసేవాళ్లకు మంచి బొమ్మ కావాలి కదా.

భాస్కర్_ఇమేజింగ్

తెర మీద చూపించడానికి అలా తేవచ్చు, ఆధారంగా దాచడానికి మాత్రం ఒప్పుకోను. ఆపరేటర్ చదివింది మసక స్కాన్‌ను. కొత్త స్కాన్‌లో 3 అని స్పష్టంగా ఉండి, తను 8 అని కొట్టి ఉంటే, తను చూడని బొమ్మను తనకు అంటగట్టినట్టు అవుతుంది. నా లెక్కలో కొత్త స్కాన్ అంటే మళ్లీ చదవాలి.

మాధవి_డాలస్

లక్షల పేజీలు ఉన్నప్పుడు మళ్లీ చదవడానికి డబ్బు ఎవరిస్తారు? "తెచ్చిన డబ్బా, అంచనా మాత్రమే" అని పాత్ర రాసి, ఎన్ని పిక్సెళ్ల తేడా ఉండొచ్చో పెడితే నిజాయితీగానే ఉంటుంది.

రజిత_డీటీపీ

నా వరకు భాస్కర్ గారిదే న్యాయం అనిపిస్తోంది. నేను చూసిన బొమ్మే నా పేరు పక్కన ఉండాలి.

రమాదేవి_అకౌంట్స్

ఇప్పుడు అర్థమైంది, నేను మొదట వేరే విషయం చెప్పాను. మా దగ్గర కొనుగోలు బిల్లులు స్కాన్ చేసి దాస్తాం, వోచరుకు ఫైలు జతచేస్తాం. కానీ బిల్లులో ఏ అంకె ఏ కాలమ్‌లోకి పోయిందో తెలియదు. ఆడిటర్ ప్రతిసారీ వేలు పెట్టి వెతుకుతారు. పన్ను మొత్తం ఒక గడిలో ఉండదు కదా, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండు గడులు కలిపితే వస్తుంది. దానికి కూడా రెండు ఆధారాలే పెట్టాలా?

భాస్కర్_ఇమేజింగ్

అవును రమాదేవి గారూ. రెండు గడులు రెండు వేరు విలువలుగా దాచండి. మొత్తం అనేది ఆ రెండు విలువలను చూపించాలి, నేరుగా బొమ్మను కాదు. బిల్లు మీద మొత్తం కూడా అచ్చై ఉంటే దాన్ని మూడో విలువగా, తన గడితో దాచండి. లెక్కలో వచ్చింది, అచ్చులో ఉన్నది వేరైతే అప్పుడే తెలుస్తుంది.

శ్రీను_హనుమకొండ

అందరికీ కృతజ్ఞతలు. తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను.

కాన్వాస్ వెడల్పు, ఎత్తు నుంచి కోణాలు తీశాను. పాత కోడు మళ్లీ నడిపితే చాలా పేజీలకు అదే కోణం వచ్చింది. 130 పేజీలకు వెడల్పు చెప్పే కోణం, ఎత్తు చెప్పే కోణం కలవలేదు. తెరిచి చూస్తే భాస్కర్ సార్ అన్నట్టే, నల్లటి అంచులు ఎవరో మధ్యలో కత్తిరించారు. వాటికి గడులు కొత్తగా పట్టి మళ్లీ టైపు చేయిస్తున్నాం.

సరిచూసే పద్ధతి ఇలా పెట్టుకున్నాం. కొత్త మూలలతో ఒరిజినల్ నుంచి గడులు కత్తిరించి, ఒక కాలమ్‌వి 60 గడులు ఒకే షీటు మీద, విలువలు లేకుండా ప్రింటు తీస్తాం. ఈ పేజీలను ముందు టైపు చేయని ఇంకో ఆపరేటర్ చదివి రాస్తుంది. తర్వాత పోలుస్తాం. పక్కన విలువ ఉంటే కన్ను దాన్నే చదివేస్తుందని మొదటి షీటులోనే తెలిసింది. ప్రతి పేజీలో నాలుగు మూలల దగ్గరి గడులు ఈ షీట్లలో తప్పకుండా ఉండేలా చూస్తున్నాం, తిప్పుడు తప్పు ముందు బయటపడేది అక్కడే కాబట్టి. మొన్నటి ఆ సర్వే నంబరు గడి ఇప్పుడు (300, 2000) దగ్గర సరిగ్గా కూర్చుంది.

సదరు గడులకు రెండో ఆధారం చేత్తోనే కలుపుతున్నాం. పేజీ నకలు లేని చోట పేరు పెట్టలేదు, "సదరు, పై పేజీ లేదు" అని ఉంచాం. వకీలు గారు దానికి ఒప్పుకున్నారు.

ఒకటి మిగిలింది గిర్దావరు సార్. కొన్ని పేజీల్లో నల్ల సిరాతో రాసిన పేరు కొట్టేసి ఎర్ర సిరాతో పైన ఇంకో పేరు ఉంది. రెండూ ఒకే గడిలో ఉన్నాయి. రెండు విలువలుగా దాస్తున్నాను, ఒక్కోదానికి వేరే డబ్బా గీయించి. కానీ కొట్టివేత గీత రెండింటిలోనూ పడుతోంది. ఆ గీత ఏ విలువకు ఆధారం?

విశ్రాంత_గిర్దావరు

కొట్టివేత పాత పేరుది కాదు, కొత్త పేరుది కాదు నాయనా. అది మార్పు చేసిన ఉత్తర్వుది. రిమార్కుల కాలంలో మ్యుటేషన్ నంబరో, ఫైలు నంబరో, పొట్టి సంతకమో ఉంటుంది చూడు. గీతనూ దాన్నీ కలిపి ఒక మూడో విలువగా పెట్టు. రిమార్కులో ఏమీ లేకుండా ఉట్టి గీతే ఉంటే నాకు ఒక నకలు చూపించు, అలాంటివి రాసిన కాలాన్ని బట్టి వేరువేరుగా ఉంటాయి, చూడకుండా చెప్పలేను.